ఉమ్మడి కుటుంబానికి ఏడు సీట్ల బండి – ఎంపికలో చూడవలసిన విషయాలు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నన్ను కార్యదర్శిగారు వేరే విషయం మీద మాట్లాడమన్నారు. ఈమధ్య మన సభ్యులలో చాలామంది ఇళ్లలో పిల్లలు పెద్ద బండి కొనాలనుకుంటున్నారు. కొనేది పిల్లలే అయినా అందులో ఎక్కేది మనం. ఆ సమయంలో మనం ఏం అడగాలి, ఏం కొలవాలి అన్నది ఒక గుమాస్తా పద్ధతిలో చెప్పమన్నారు. నాకు తెలిసింది ఆ పద్ధతి ఒక్కటే.

ముందుగా మా ఇంటి పరిస్థితి మనవి చేస్తాను. తెనాలిలో మాది ఉమ్మడి కుటుంబం. అన్నయ్యకు ఎనభై ఒకటి, రెండు మోకాళ్లకూ ఆపరేషను అయింది. వదిన, నేను, మా ఆవిడ, మా అబ్బాయి, కోడలు, పన్నెండేళ్ల మనవరాలు, వెరసి ఏడుగురం. అక్కయ్యగారిది రేపల్లె. కోడలి పుట్టిల్లు బాపట్ల. తెనాలి, రేపల్లె, బాపట్ల ఒక ముక్కోణం అనుకుంటే, ఒక్కొక్క వైపు నలభై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. పెళ్లి, సీమంతం, సంవత్సరీకం, ఏది వచ్చినా ఈ మూడు ఊళ్ల మధ్యే మా తిరుగుడు. ఏడుగురం కలిసి వెళ్లాలంటే ఇద్దరు రేపల్లె రైలులోనో బస్సులోనో రావడం, లేదా అన్నయ్య, “ఒరేయ్, నేను ఇంటి దగ్గర ఉంటాలేరా, మీరు వెళ్లి రండి” అనడం మా ఇంట్లో మామూలైపోయింది. బండి కొనడంలో మాకున్న అసలు ప్రశ్న ఇదే. ఆ మాట అన్నయ్య నోట రాకుండా చేసే బండి ఏది?

మా అబ్బాయికి ఎస్‌.యు.వి. మీద మోజు. ఎత్తుగా, గంభీరంగా, ముందుభాగం పెద్దగా ఉంటుంది. “నాన్నగారూ, అందులోనూ ఏడు సీట్లే కదా” అన్నాడు. నిజమే, ఏడు సీట్లే. అయితే ఆఫీసులో మంజూరైన పోస్టుల సంఖ్యకూ, పనిచేసే మనుషుల సంఖ్యకూ ఎంత తేడా ఉండేదో మనందరికీ తెలుసు. సీట్ల లెక్క కూడా అటువంటిదే. ఏడుగురూ కూర్చున్న తరువాత సామానుకు ఎంత చోటు మిగులుతుంది, ఆ ఏడో మనిషి ఎలా కూర్చుంటాడు అన్న రెండు ప్రశ్నలు వేస్తే గాని ఆ అంకెకు అర్థం తెలియదు.

మొదటి ప్రశ్న డిక్కీ గురించి. కంపెనీల వారు డిక్కీ చోటును లీటర్లలో చెబుతారు. మూడో వరుస సీట్లు మడిచినప్పుడు ఒక అంకె, నిలబెట్టి ఉంచినప్పుడు ఒక అంకె ఉంటుంది. ప్రకటనలలో కనబడేది సాధారణంగా మొదటిది. మనకు కావలసింది రెండోది. ఉదాహరణకు టాటా సఫారీలో మూడో వరుస మడిస్తే నాలుగు వందల లీటర్లు దాటి ఉంటుంది. మూడో వరుస నిలబెడితే కంపెనీ చెప్పిన లెక్క ప్రకారమే 73 లీటర్లు. మారుతి ఎర్టిగాలో ఏడు సీట్లూ నిలబెట్టి ఉండగా 209 లీటర్లు, కియా కారెన్స్‌లో 216, టయోటా ఇన్నోవా క్రిస్టాలో సుమారు 300. సఫారీ పొడవు ఎర్టిగా కంటే దాదాపు ఒక అడుగు ఎక్కువ. అయినా ఏడుగురు ఎక్కాక సామాను చోటు మూడో వంతే.

దీనికి కారణం ఉంది. ఎస్‌.యు.వి.ని ముందు అయిదుగురి కోసం ఊహిస్తారు. ఎత్తైన నేల, పొడవైన ముక్కు, పెద్ద చక్రాలు, ఇవన్నీ లోపలి చోటును తినేస్తాయి. మూడో వరుసను ఆ మిగిలిన డిక్కీలోనే అమరుస్తారు. ఎం.పి.వి. అని, అంటే జనం కోసం చేసిన బండి అని, మనం పిలిచే ఇన్నోవా, ఎర్టిగా రకం వాటిలో ముక్కు చిన్నది, నేల సాధారణంగా కిందికి ఉంటుంది, పైకప్పు వెనుకదాకా తిన్నగా వెళుతుంది. మూడో వరుసను మొదటి నుంచీ లెక్కలో పెట్టుకొని తయారు చేస్తారు. 1994లో వచ్చిన టాటా సుమో, 2000లో వచ్చిన క్వాలిస్, దాని స్థానంలో 2005లో వచ్చిన ఇన్నోవా, వీటిలో మన పెళ్లివారు ఎలా ప్రయాణం చేశారో గుర్తున్నవారికి ఈ తేడా వివరించి చెప్పనక్కరలేదు.

అయితే ఎం.పి.వి. అని పేరుంటే చాలు అనుకోకూడదు. రెనో ట్రైబర్ నాలుగు మీటర్ల లోపు బండి. మంచి ఉపాయంతో చేశారు, మూడో వరుస సీట్లను పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టుకోవచ్చు. అప్పుడు డిక్కీ 625 లీటర్లు. కాని ఏడుగురూ కూర్చుంటే 84 లీటర్లే. అయిదుగురు సామానుతోనూ, ఏడుగురు సామాను లేకుండానూ తిరిగే ఇంటికి అది చక్కని బండి. ఏడుగురు సామానుతో వెళ్లే మా ఇంటికి కాదు. అలాగే ఎర్టిగాలో సి.ఎన్‌.జి. రకం తీసుకుంటే గ్యాసు సిలిండరు మూడో వరుస వెనుకే కూర్చుంటుంది. ఇంధనంలో మిగిలే డబ్బు డిక్కీ రూపంలో చెల్లిస్తాము. సామాను ముఖ్యమైనవారు పెట్రోలు రకమే చూసుకోవాలి.

లీటర్ల అంకె కూడా పూర్తి సాక్ష్యం కాదు. సామాను నీళ్లలాగా మూలల్లోకి ప్రవహించదు. మామూలు మధ్యరకం సూట్‌కేసు ఒకటి తీసుకోండి. పొడవు 65, వెడల్పు 45, మందం 28 సెంటీమీటర్లు. లెక్క కడితే దాదాపు 82 లీటర్లు. అంటే 73 లీటర్ల డిక్కీలో ఒక్క సూట్‌కేసుకు కూడా చోటు చాలదు. 209 లీటర్లలో రెండు పడతాయని లెక్క చెబుతుంది. కాని పడతాయా లేదా అన్నది లోతు నిర్ణయిస్తుంది. సీటు వీపు వెనక్కి వాలి ఉంటుంది కనుక కింద ఉన్న లోతు పైన ఉండదు. కాబట్టి టేపు తీసుకొని వెళ్లి కింద ఒకసారి, సీటు వీపు పైభాగం దగ్గర ఒకసారి కొలవాలి. రెండింటిలో తక్కువది మన సూట్‌కేసు మందం కంటే ఎక్కువ ఉండాలి. చక్రాల గూళ్ల మధ్య వెడల్పు రెండు సూట్‌కేసులు పక్కపక్కన నిలబడేంత ఉండాలి.

మేము టేపుతో ఆగలేదు. రెండు సూట్‌కేసులు, రెండు గుడ్డ సంచులు, అన్నయ్య మడతపెట్టే వాకరు ఆటోలో వేసుకొని షోరూముకు వెళ్లాము. అక్కడి కుర్రవాడు ముందు కాస్త ఆశ్చర్యపోయాడు గాని అడ్డు చెప్పలేదు. ముందు చూసిన ఎస్‌.యు.వి.లో మూడో వరుస మడిచి చూపించి, “ఎంత చోటో చూడండి సార్” అన్నాడు. సీట్లు లేపమన్నాము. లేపిన తరువాత సూట్‌కేసు ఒకటి నిలబెడితే తలుపు పడలేదు. తరువాత ఎర్టిగాలో పెట్టాము. రెండు సూట్‌కేసులూ పక్కపక్కన నిలబడ్డాయి, మధ్య సందులో వాకరు దూరింది, పైన గుడ్డ సంచులు అమరాయి. తలుపు పడింది. మా అబ్బాయి అక్కడ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక, “సీట్లు ఏడే గాని, లెక్క వేరు” అన్నాడు.

ఇక రెండో ప్రశ్న, ఆ ఏడో మనిషి సంగతి. మూడో వరుసలో ఎవరు కూర్చుంటారన్నది బండి కొనకముందే ఇంట్లో తేల్చుకోవాలి. కొన్నాక తేలిస్తే, ఎప్పుడూ మాట్లాడని మనిషి వెనక్కి వెళతాడు. మా ఇంట్లో వెనుక కోడలు, మనవరాలు అని నిర్ణయించాము. అయినా తిరుగు ప్రయాణంలో ఎవరైనా వెనుక కూర్చోవలసి రావచ్చు కనుక అందరమూ ఎక్కి చూశాము.

అక్కడ చూడవలసింది మోకాళ్లు. ఎస్‌.యు.వి. మూడో వరుసలో నేల ఎత్తుగా, సీటు దానికి దగ్గరగా ఉంటుంది. కూర్చుంటే పీట మీద కూర్చున్నట్లు మోకాళ్లు పొట్ట ఎత్తుకు వస్తాయి. తొడల కింద సీటు తగలదు, బరువంతా నడుం కింద పడుతుంది. పదిహేను నిమిషాలు కూర్చుంటే నొప్పి మొదలవుతుంది. షోరూములో రెండు నిమిషాలు కూర్చుని బాగుందనకుండా పావుగంట అలాగే కూర్చోండి. తొడ సీటుకు ఆనుతోందా, తల కప్పుకు తగులుతోందా, తలకు వెనుక ఆనుకునే దిండు మన తల ఎత్తుకు లేస్తుందా, చల్లగాలి అక్కడికి వస్తోందా, ఈ నాలుగూ చూడండి. మే నెలలో బాపట్ల వెళ్లేటప్పుడు ఆఖరి ప్రశ్నే మొదటిది అవుతుంది.

ఎక్కడం, దిగడం మరొక సంగతి. చీర కట్టుకున్న డెబ్బై అయిదేళ్ల మనిషి కాలు ఎంత ఎత్తు పెట్టగలదో ఇంటి మెట్టు చెబుతుంది. మా ఇంటి మెట్టు ఏడు అంగుళాలు. బండి నేల దానికి రెండింతలు ఉంటే వదిన పట్టుకొని ఎక్కుతుంది. మూడింతలు ఉంటే ఒకరు చెయ్యి పట్టుకోవాలి. నేలమీది నుంచి తలుపు గడప దాకా టేపు పెట్టి కొలవండి. పక్కన అడుగుపలక బిగిస్తే సరిపోతుంది అంటారు. ఎక్కేటప్పుడు సాయమే గాని, దిగేటప్పుడు ఆ పలక అంచు కనబడక జారే ప్రమాదం ఉంది. ఆపరేషను అయిన మోకాలికి ఎత్తు ఎంత ఇబ్బందో లోతు కూడా అంతే ఇబ్బంది. సీటు మరీ కిందికి ఉన్న చిన్నకారులో కూర్చుని లేవడం అన్నయ్యకు ఇంకా కష్టం. ఎం.పి.వి. సీటు ఆ రెంటికీ నడుమ, దాదాపు కుర్చీ ఎత్తులో ఉంటుంది. పక్కకు తిరిగి కూర్చుని కాళ్లు లోపలికి పెట్టుకోవచ్చు. అన్నయ్య అలాగే ఎక్కాడు.

మధ్య వరుస విషయంలో ఒక ఎంపిక ఉంది. విడివిడిగా రెండు కుర్చీలు ఉన్న రకంలో మధ్య దారి గుండా వెనక్కి వెళ్లవచ్చు. కాని ఒక మనిషి తగ్గుతాడు. అలా తగ్గిన మనిషికి వెనుక చోటు ఉందో లేదో చూసుకోవాలి. ఇన్నోవా క్రిస్టాలో మూడో వరుసలో ముగ్గురికి సీట్లు ఉన్నాయి కనుక మధ్య రెండు కుర్చీలున్నా లెక్క ఏడుకు వస్తుంది, మధ్య బల్లసీటు ఉన్న రకంలో ఎనిమిదికి వస్తుంది. చాలా ఎస్‌.యు.వి.లలో వెనుక ఇద్దరికే చోటు. కుర్చీల రకం కొంటే ఆరుగురే.

మూడో విషయం బరువు. దీని గురించి షోరూములో ఎవరూ చెప్పరు, మనమూ అడగము. ఆర్‌.సి. పుస్తకంలో ఖాళీ బండి బరువు, నిండు బండికి అనుమతించిన మొత్తం బరువు అని రెండు అంకెలు ఉంటాయి. రెండో దానిలోంచి మొదటిది తీసివేస్తే మనుషులూ సామానూ కలిసి ఎంత ఉండవచ్చో తెలుస్తుంది. మా లెక్క చెబుతాను. అబ్బాయి 78 కిలోలు, కోడలు 60, అన్నయ్య 68, వదిన 62, నేను 64, మా ఆవిడ 66, మనవరాలు 38. మొత్తం 436. సామాను: సూట్‌కేసులు రెండూ 30, గుడ్డ సంచులు 16, సారె డబ్బాలు, పచ్చడి జాడీ కలిసి 12, మంచినీళ్లు 10, వాకరు 4, అక్కయ్యగారికి మన చేలో పండిన బియ్యం 25. మొత్తం 97. అంతా కలిపి 533 కిలోలు. పెట్రోలు ఎర్టిగా ఖాళీ బరువు సుమారు 1,190, నిండు బరువు 1,785. తేడా 595. అంటే అరవై కిలోలు మిగులు. ఇది తృప్తికరమే గాని ధారాళం కాదు. ఇంకో బస్తా వేద్దాం అనడానికి వీల్లేదు.

బియ్యం డిక్కీలో పట్టలేదు. దాన్ని రెండు చిన్న సంచులు చేసి మూడో వరుసవారి కాళ్ల దగ్గర, మధ్య సీటు వీపుకు ఆనించి పెట్టాము. కిందగా ఉన్న బరువు బ్రేకు వేసినప్పుడు ఎగరదు. పచ్చడి జాడీని మాత్రం వెనుక అద్దం దగ్గర పైన పెట్టకూడదు. గట్టిగా బ్రేకు పడితే అది ముందుకు వచ్చేది మూడో వరుసలో కూర్చున్నవారి తల మీదికే. పైకప్పు మీద క్యారియరు బిగించి సూట్‌కేసులు అక్కడ వేద్దామనే ఆలోచన కూడా చాలామందికి వస్తుంది. అక్కడ వేసే బరువుకు కంపెనీ పుస్తకంలో హద్దు ఉంటుంది. పైబరువు వల్ల మలుపుల్లో బండి ఊగుతుంది. ఎస్‌.యు.వి. అసలే ఎత్తు బండి కనుక ఇంకా ఊగుతుంది. పైగా ఆ ఎత్తుకు ఎక్కి తాడు కట్టేది ఎవరు? పెనుమూడి వంతెన మీద కృష్ణ గాలి తెలిసినవారు ఆ ఆలోచన మానుకుంటారు.

నిండు బరువుతో వెళ్లేటప్పుడు టైర్లలో గాలి కూడా మార్చాలి. డ్రైవరు తలుపు తెరిస్తే అంచున ఒక చీటీ ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఎక్కినప్పుడు ఎంత, నిండా ఎక్కినప్పుడు ఎంత అని సాధారణంగా రెండు అంకెలు ఉంటాయి. నిండా ఎక్కినప్పుడు వెనుక టైర్లకు ఎక్కువ కావాలి. బయలుదేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. వెనుకభాగం కుంగినట్లు కనబడినా, స్పీడు బ్రేకరు మీద కింద గీరిన చప్పుడు వచ్చినా, రాత్రివేళ ఎదురుబండివారు మన లైటు కళ్లలో పడుతోందని సైగ చేసినా, వెనుక బరువు ఎక్కువైందని అర్థం.

ఎస్‌.యు.వి. పక్షాన కూడా చెప్పాలి, లేకపోతే నోటు ఏకపక్షం అవుతుంది. రేపల్లె దిగువన డెల్టా నల్లరేగడి. వానాకాలంలో చేల గట్ల మీద, కాలవ కరకట్టల మీద రోజూ తిరిగేవారికి నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు కావాలి. ఏడుగురు ఎక్కిన ఎర్టిగా రకం బండి కుంగి, ముందు చక్రాల పట్టు తగ్గి, బురదలో తిరుగుతూ నిలిచిపోతుంది. అటువంటి ఊళ్లో ఇల్లు ఉండి, ఎప్పుడూ నలుగురైదుగురే తిరిగేవారు ఎస్‌.యు.వి. కొనడంలో తప్పు లేదు. కాని ఎత్తైన బండి అంతా నాలుగు చక్రాలతో లాగుతుందని అనుకోవద్దు. ఏడు సీట్ల ఎస్‌.యు.వి.లలో చాలావాటికి రెండు చక్రాలే లాగుతాయి. నాలుగు చక్రాల రకం విడిగా, ఎక్కువ ధరకు ఉంటుంది. ఇక వరద నీటిలోకి ఏ బండీ దిగకూడదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి నీరు వదిలినప్పుడు రేపల్లె వైపు లంకలు ఏమయ్యాయో చూశాము. ఆ నీటికి ఎత్తూ పల్లమూ లేదు.

మా తిరుగుడు మాత్రం తెనాలి నుంచి రేపల్లె, రేపల్లె నుంచి 216 జాతీయ రహదారి మీద బాపట్ల, అక్కడి నుంచి పొన్నూరు మీదుగా ఇల్లు. అంతా తారురోడ్డు. బురద రోజులు ఏడాదికి నాలుగైదు. ఏడుగురం సామానుతో వెళ్లే రోజులు ఇరవైకి పైగా. ఆ నాలుగైదు రోజుల కోసం ఈ ఇరవై రోజుల చోటు వదులుకోవడం సబబు కాదని నోటు పెట్టాను. మా అబ్బాయి ఆమోదించాడు. ఆరుగురమే వెళ్లేటప్పుడు మూడో వరుసలో సగం సీటు మడిచి ఆ పక్కన సామాను పొడవునా పెట్టుకుంటున్నాము. సగం సగంగా మడిచే ఏర్పాటు ఉందో లేదో కూడా కొనేముందు చూడవలసిందే. మూడో వరుస అంతా ఒకే పలకగా మడిచే బండిలో ఆరో మనిషి ఉంటే మొత్తం సీటు నిలబడే ఉండాలి.

కాబట్టి సభ్యులకు నా సూచన ఇది. పిల్లలతో షోరూముకు వెళ్లేటప్పుడు మీరు కూడా వెళ్లండి. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న మనిషిని తీసుకువెళ్లండి. మీ సూట్‌కేసులు, టేపు, ఇంటిల్లిపాది బరువుల చీటీ వెంట ఉంచుకోండి. ఏడు సీట్లూ నిలబెట్టించి, సామాను పెట్టించి, తలుపు వేయించి, ఏడుగురూ ఎక్కి కూర్చోండి. ఆ తరువాతే రంగు సంగతి, ధర సంగతి.

మొన్న బాపట్లలో కోడలి తమ్ముడి పెళ్లికి ఏడుగురం ఒకే బండిలో వెళ్లి వచ్చాము. రైలు టిక్కెట్టు ఎవరికీ తీయలేదు.